సగం పాట

ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. మేళగాళ్లు బేతంచెర్లకు బండలు మోయడానికి పోతే, చనిపోయిన భర్త తనకు వదిలివెళ్లిన నంద్యాల బ్యాండు మేళం శ్రావణానికి మిగలదని లూదియమ్మకు దిగులు పట్టుకుంది.

"ఎట్లాగూ సాధన చేయాల గదా. ఇంట్లో ఎందుకప్పా, సంత కాడ వాయించండి," అంది మేళగాళ్లతో.

"ఊరికే వినిపిస్తే రేపు మనల్ని ఎవరు పిలుస్తారక్కా?" అన్నాడు క్లారినెట్టు బాలస్వామి.

"సగం పాటకే ఆపండి. మిగతాది పెండ్లిలో వింటారు."

మూడో సంతకు ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆసామి భార్య శివమ్మ బయానా చేతిలో పెట్టింది. "శ్రావణంలో మా బిడ్డ పెండ్లి. ఆ పాట పూర్తిగా వాయించాల."

"వాయిస్తారు. మావాళ్లకు అందరితో పాటు బంతిలోనే అన్నం పెట్టాల."

"సరేలే, పెడతాం," అంది శివమ్మ.

లూదియమ్మ అక్కడే నిలబడి బయానా మేళగాళ్లందరికీ సమంగా పంచింది. బండల పని మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.