అందరూ నాలుగు వేసిన వ్యాసం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని స్కూలంతటికీ తెలుసు. ఆ రోజు మాత్రం కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. నా బల్ల మీద ఉన్న కాగితాలన్నింటిలోనూ ఒకటే అంకె.

తొమ్మిదో తరగతి పిల్లలు ఒకరి వ్యాసం ఒకరు చదివి అభిప్రాయం రాయడం నేర్చుకోవాలని నా పట్టుదల. మా పెద్ద మేడమ్‌కి నచ్చలేదు. "పిల్లలకు పిల్లలే మార్కులేసుకుంటే గొడవలేగా? ఒక్క పీరియడ్ కూర్చుని చూస్తా. పని జరగకపోతే ఆపేద్దాం" అన్నారు. ఆవిడ చివరి బెంచీలో, పిల్లలకిచ్చిన కాగితాలే తానూ ఒక జత పట్టుకుని కూర్చున్నారు.

తమ వ్యాసాలు మార్చుకునే ముందు అందరూ ఒకే వ్యాసాన్ని కొలవాలి. అంకెలు ఎక్కడ తేడా వచ్చాయో మాట్లాడుకుంటేనే కొలత అందరికీ ఒక్కటవుతుంది. కొలమానం బోర్డు మీద రాశాను: విషయం, వరుస, ఉదాహరణలు, ముగింపు. ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు వరకు, ఏ అంకెకు ఏం ఉండాలో పక్కనే రాశాను. ఉదాహరణలకు రెండు అంటే గుణం చెప్పారు గానీ సంఘటన చూపలేదని. మూడంటే సంఘటన ఉందని. నాలుగంటే అది కళ్లకు కట్టిందని. అంకె తర్వాత మూడు మాటలు రాయాలి: నచ్చిన వాక్యం, ఒక ప్రశ్న, ఒక సూచన. ఉత్త "బాగుంది" చెల్లదు.

పేరు లేకుండా టైపు చేసిన ఆ వ్యాసం మా అక్క గురించి నేను రాసిందే. ఎవరికీ తెలియదనుకున్నాను.

అన్నీ నాలుగులే! నచ్చిన వాక్యం: "అన్నీ". ప్రశ్న: "ఏమీ లేదు". సూచన: "ఇలాగే రాయండి". నా వ్యాసం అంత గొప్పదేం కాదని నాకే తెలుసు. మరి వీళ్లకేమైంది?

అడుగున ఒక్క కాగితం వేరుగా ఉంది. నెల క్రితం చేరిన కొత్తమ్మాయిది. ఉదాహరణలకు రెండు వేసింది. పైకి చదివాను: "'మా అక్క చేతి రాత ముత్యాల్లా ఉంటుంది' అన్నది నచ్చింది. అక్కకు ఓపిక ఎక్కువన్నారు, ఆ ఓపిక ఎప్పుడు చూశారు? అలాంటి ఒక సందర్భం రాస్తే నాకూ కనిపిస్తుంది."

తరగతి బిత్తరపోయింది. లీడరు వెనక్కి తిరిగి, "ఓయ్, అది మేడమ్ రాసిందే! 'అసలు విషయానికొస్తే' అని ఎవరంటారు, మేడమ్ తప్ప?" అన్నాడు.

అదా సంగతి! రోజూ నా నోట ఆ మాట విని విని, మొదటి పేరాలోనే పట్టేశారు. నన్ను కొలవడానికి భయపడి నాలుగు వేసేశారు.

కొత్తమ్మాయి మొహం పాలిపోయింది. రబ్బరు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. "తెలీక వేశాను మేడమ్. మార్చేస్తా."

నిజం చెప్పొద్దూ, నాకు చురుక్కుమంది. ముక్కు మీది కోపం నాలుక దాకా వచ్చింది. వెనక పెద్ద మేడమ్ కళ్లద్దాలు సర్దుకున్నారు. ఇప్పుడు ఈ పిల్ల ఆ అంకె చెరిపితే, ఈ గదిలో ఇంకెవ్వరూ నిజం రాయరు.

"రబ్బరు ఇటివ్వు. రెండే కరెక్టు" అన్నాను. "ఎందుకో బోర్డు మీద చూపించు."

ఆ పిల్ల వేలితో 'సంఘటన చూపలేదు' అన్న చోట చూపించింది.

"మరి ఇప్పుడు చెప్తా విను. చిన్నప్పుడు నాకు నత్తి. ఇంట్లో అందరూ నా మాట అందుకుని వాళ్లే పూర్తిచేసేవాళ్లు. అక్క ఒక్కతే నేను చెప్పేదాకా ఆగేది. ఇప్పుడెంత?"

కొత్తమ్మాయి నన్ను చూసింది, బోర్డును చూసింది.

"మూడు, మేడమ్."

"నాలుగెందుకు కాదే?"

"ఆగేటప్పుడు అక్క ఏం చేసేదో కనపడలేదు. ఆవిడకి విసుగొచ్చేది కాదా?"

ఇన్నేళ్లలో అక్కను ఆ మాట అడగాలని కూడా తోచలేదు, సిగ్గేసింది. ఇంతలో చివరి బెంచీ నుంచి పెద్ద మేడమ్, "అమ్మాయ్, ఆ రబ్బరు ఒకసారి ఇటు పట్రా. మీ మేడమ్ నొచ్చుకుంటుందని నేనూ నాలుగులే వేశాను" అన్నారు. పిల్లలు పగలబడి నవ్వారు. అంకెలు దిద్దుకుంటాం, తమ కాగితాలు వెనక్కిమ్మని నా మీద పడ్డారు. "రేపు వాళ్ల వ్యాసాలు మార్చుకోనివ్వండి" అని వెళ్తూ వెళ్తూ అన్నారావిడ.

సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. విసుగొచ్చేది కాదా అని అడిగాను.

"రాకేం? బోలెడంత వచ్చేది" అంది అక్క. "పెదాలు కదలకుండా గట్టిగా నాలుక కరుచుకునేదాన్ని. నువ్వు అనబోయే మాట నా నోటి చివరే ఉండేది మరి."