వేసవి బట్టల ఉత్తరానికి ఒక సవరణ

మా దుకాణానికి ఏళ్ళ తరబడి వస్తున్న సోదరీమణులకు,

పది రోజుల క్రితం పంపిన ఉత్తరంలో, ఈ వేసవికి ఆరు థాన్ల మంగళగిరి చేనేత నూలు వచ్చిందని రాశాను. అందులో ఐదు థాన్ల విషయంలో అది అబద్ధం. సరుకు పంపిన ఏజెంటు సంతకం చేసి మరీ అబద్ధమాడాడు. నేను పరీక్షించకుండా నమ్మాను. రెండవది నా తప్పు.

ఉత్తరం ప్రతిని ఈ అరబ్బు నగరంలో, అబూ హమూర్ పేటలోని మా దుకాణం అద్దానికి అంటించాను. శుక్రవారం దాన్ని చదివి, భవన నిర్మాణంలో పనిచేసే పోశన్న లోపలికి వచ్చాడు. సిరిసిల్ల మనిషి. భార్య బాలవ్వ ఆది జాకెట్టు బల్లమీద పెట్టి, చేనేతలోనే కుట్టాలన్నాడు. థాను తెరిచాను. అంచు తడిమి చెయ్యి తీసేశాడు.

"గిది మరమగ్గంది, అమ్మా."

మా కటింగ్ మాస్టర్ గౌస్ మొహియుద్దీన్ నవ్వాడు. "క్రేన్ కింద డ్యూటీ చేసేటోనికి బట్ట సంగతేం ఎరుక భాయ్?"

"క్రేన్ మొన్నటిది, మాస్టర్. మగ్గం పుట్టుకది. బట్ట ముడుసుకోకుండ అంచుల్ని ముండ్ల కర్రతోని గుంజి పడ్తరు. మా నాయిన బెత్తెడు నేసి కర్ర జరుపుతుండె. గుచ్చిన జాడ ఆడాడ పడ్తది. దీనికి సూడు, రైలు పట్టా లెక్క తెగకుండ ఉన్నది."

భూతద్దం తెచ్చాను. అతడు చెప్పినట్టే ఉంది. నలభై ఏళ్ళుగా బట్టల గురించి చదువుతున్నాను. ఈ రంధ్రాలు నా కంటపడలేదు.

అప్పుడు పోశన్న కళ్ళు మూసుకున్నాడు. సిమెంటుకు పగిలిన బొటనవేలు ఒక్కో థాను అంచు వెంట నెమ్మదిగా సాగింది. ఐదింటిని పక్కకు నెట్టాడు. ఆరవదానిపై వేలు ఆగింది. "గిది నేసినాయన ఎడమచేతి వాటపోడు," అన్నాడు. ఆ అంచుమీద భూతద్దం పెట్టి చూశాను; ఆ సంగతి నాకు కనిపించలేదు. మాస్టర్ టేపు మెడలోంచి తీసి లేచి నిలబడ్డాడు.

కనుక సవరణ ఇది. ఐదు థాన్లూ మరమగ్గం బట్టగానే అమ్ముతాను. చేనేత అనుకుని ఆర్డరు చేసినవారు నిస్సంకోచంగా రద్దు చేసుకోవచ్చు. అసలు థాను పది మీటర్లు. తొమ్మిది జాకెట్లకు సరిపోతుంది, మొదటిది బాలవ్వది.

కత్తిరింపులు మారవు. బయట ఎండ, లోపల ఏసీ చలి కనుక చేతులు మోచేతి దాకా. చంకభాగం అరంగుళం వదులు. బట్టనూ, మల్మల్ లైనింగునూ రాత్రంతా నానబెట్టి, ఆరాకే కత్తిరిస్తాం. లేకుంటే మొదటి ఉతుకులో లైనింగు ముడుచుకుని పైబట్టను లాగుతుంది. పక్క కుట్టు లోపల అంగుళం బట్ట వదులుతాం, ఒళ్ళు చేసినప్పుడు విప్పుకోవడానికి.

ఇకపై పోశన్న వేలు పెట్టి చూడనిదే చేనేత అన్న మాట నేను రాయను.

అంచుతో సహా రెండు ముక్కలు ఈ కాగితానికి గుచ్చాను. ఏది ఏదో రాయలేదు. కళ్ళు మూసుకుని తడిమి చూడండి.

సీతాలక్ష్మి