బేసిక్ పెరిగిన నెల

లెక్కల్లో మా కటింగ్ మాస్టరును మించిన మొనగాడు చుట్టుపక్కల ఏడు ఊళ్లలో లేడు. థాను గుడ్డను కంటితో చూసి ఎన్ని చొక్కాలు వస్తాయో చెప్పేసేవాడు. జీతం కాగితం మాత్రం ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

జీతం అయిదు వందలు పెరిగిందని వినగానే, ఇంటాయన అడిగిన అయిదు వందల అద్దె పెంపుకు దర్జాగా తలూపేశాడు. తీరా ఒకటో తారీఖున చేతికొచ్చింది పోయిన నెలకంటే రెండు వందల ఇరవై తక్కువ! గుమాస్తా అమ్మాయి బల్ల దగ్గరికి పరుగెత్తాడు.

"నా పెంపు ఎవరు మింగారమ్మా?"

"ఎవరూ మింగలేదు మాస్టారూ. మొత్తం పదిహేను వేల అయిదు వందలైంది. కానీ అలవెన్సులు తగ్గించి, బేసిక్‌ను ఎనిమిది వేల నుంచి పద్నాలుగు వేలు చేశారు. పీఎఫ్ బేసిక్ మీదే కదా, పన్నెండు శాతం. పోయిన నెల దాకా తొమ్మిది వందల అరవై కట్ అయ్యేది, ఇప్పుడు పదహారు వందల ఎనభై. కంపెనీ కూడా అంతే వేస్తుంది. రిటైరయ్యాక హాయి!"

"అప్పటి హాయి సరే తల్లీ, ఈ పదో తారీఖున ఇంటాయనకు ఏం చెప్పను?"

అద్దె పెంపుతో కలిపి ఏడు వందల ఇరవై లోటు. ఇల్లు చేరి, తల వంచుకుని భార్యకు అంతా చెప్పాడు.

"మీరు ముసలాయన అయ్యేదాకా ఇంటాయన్ని ఆగమనండి," అని ఆమె పకపకా నవ్వింది.

ఆ మాటా, ఆ నవ్వూ నేను కల్పించినవే. నిజానికి ఆమె, ఇల్లు మారితే మోయాల్సిన సామాను ఎంతుందోనని గదిలో ఒకసారి చుట్టూ చూసింది.