వేలికి విడుదల

ఆదివారం మధ్యాహ్నం సిరిసిల్లలోని తన ఇంట్లో శ్రీశైలం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కోరుట్లలో ఉద్యోగం చేస్తున్న కూతురు కళ్యాణి ఫోన్లో మాట్లాడుతోంది. ఇద్దరూ ఆడే కంప్యూటర్ ఆటలో ఆమె నడిపే బొమ్మమనిషి దూరపు కొండకోట దగ్గర అతని కోసం ఆగి ఉంది. వారానికోసారి ఇద్దరూ కలిసి తిరిగేది అక్కడే.

సాంచా అనే మరమగ్గం మీద బట్ట నేసే రోజుల్లో, నూలు కండెను మోసే నాడె ఎగిరొచ్చి తగిలిన ఎడమచేతి నడిమి వేలు ఇప్పుడు సరిగా వంగదు. ముందుకు నడిపే డబ్ల్యూ మీటను ఆ వేలితో అదిమి ఉంచితే నొప్పి మణికట్టు దాకా పాకుతుంది.

"ఇగ నాతోని గాదు బిడ్డా. వచ్చే వారంనుంచి నన్ను ఇడిసిపెట్టు."

"నమ్‌లాక్ మీట ఒక్కసారి ఒత్తి చెయ్యి తియ్యి నాయినా. మనిషి తనే ఉరుకుతడు. మౌస్‌తోని మలుపుకో."

ఒత్తాడు. వేలికి సుఖంగా ఉంది. నడుస్తున్న సాంచాను వదిలి పక్కదాన్ని చూసే పాత అలవాటున నీళ్ల చెంబు వైపు తిరిగాడు. మళ్లీ చూసేసరికి మనిషి లోయలో పడి చచ్చిపోయాడు.

"గిదేంది? పేక పోగు తెగితే సాంచా తనే ఆగుతది గదా!"

"చెయ్యి తియ్యమన్న గని, కండ్లు మూసుకొమ్మన్ననా? దారి తెగిందని దీనికి ఎరుకుండదు. ఎనకకు నడిపే మీట ఒత్తితేనే ఆగుతది."

శ్రీశైలం మళ్లీ ఆట మొదలయ్యే ఊరి నుంచి బయలుదేరాడు. ఎడమచేయి ఒళ్లో ఉంది. కళ్లు మాత్రం తెరమీదినుంచి కదలలేదు. కోట గుమ్మం ముందు చూపుడు వేలితో వెనకకు నడిపే మీట నొక్కాడు.

"వచ్చే వారం గూడ గీడనే ఉండు," అన్నాడు.