చిత్రభాను ఇంకా రాలేదు

మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం చేసే త్రిమూర్తులు ఏడాదిగా గోదారి దాటడం మానేశాడు. ఎందుకని ఎవరైనా అడిగితే నడుం నొప్పి అనేవాడు. ఆ నడుంతోనే తెల్లారిన దగ్గర్నుంచి కాయల రాశుల చుట్టూ తిరిగేవాడు, లారీ ఎక్కి దిగేవాడు, కూలీల మీద కేకలేసేవాడు. అవతలి ఒడ్డున నరసాపురంలో కూతురు కుసుమకి రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టి బారసాల చేస్తే, భార్య విజయదుర్గని సఖినేటిపల్లి రేవు దాకా తీసుకెళ్లి, పంటు ఎక్కించి, తాను మాత్రం ఒడ్డునే ఉండిపోయాడు. పంటు కదిలాక ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా అతన్ని పొడుస్తూనే ఉంది. మనవరాలికి ఇప్పుడు బోర్లా పడటం కూడా వచ్చిందట. తాత మాత్రం ఇంకా మొహం చూడలేదు.

అసలు సంగతి నడుం కాదు, భయం. అరవై నిండకుండానే పోతానని త్రిమూర్తులు నమ్మాడు. వాళ్ల నాన్న అలాగే పోయాడు మరి. కొబ్బరికాయల పడవ మీద నరసాపురం వెళ్తూ గోదారి మధ్యలో గుండె పట్టుకుని కూలిపోయాడు. అప్పటికి త్రిమూర్తులు పన్నెండేళ్లవాడు. కూలిపోవడం నిజం. అరవై నిండలేదన్నది మాత్రం ఎవరూ చెప్పింది కాదు. పెద్దయ్యాక తనే లెక్కకట్టి తేల్చుకున్నాడు.

ఆ లెక్క అతనికి ఒక గుమస్తా నేర్పాడు. తెలుగు సంవత్సరాలకి పేర్లున్నాయి, ప్రభవతో మొదలై అక్షయ దాకా అరవై, ఆ తర్వాత మళ్లీ ప్రభవే. ఏ ఏడాది పేరు కావాలంటే ఆ ఇంగ్లీషు సంవత్సరంలోంచి ఆరు తీసేసి, మిగిలినదాన్ని అరవైతో భాగించాలి. ఎంత శేషం వస్తే ప్రభవ నుంచి అన్నో పేరు. సున్నా వస్తే అక్షయ. వినడానికి ఎంత తేలికో! వ్యాపారస్తుడి బుర్రకి ఇలాంటిది దొరికితే ఊరుకుంటుందా? ఎదురుపడ్డ వాళ్లందరి పుట్టిన సంవత్సరాలూ గబగబా చెప్పేసి మెప్పు పొందేవాడు. ఆ ఊపులోనే ఒకరోజు నాన్నగారి లెక్కా చూశాడు.

నాన్న పుట్టింది జయ నామ సంవత్సరం శ్రావణమాసం. పోయింది మళ్లీ వచ్చిన జయలోనే, మాఘంలో. ఏటా తద్దినం పెడతాడు గనక తిథితో సహా నోటికొచ్చు. ఇంగ్లీషు తేదీలు ఆ ఇంట్లో ఎవరు రాసుకున్నారు గనక? శేషం ఇరవై ఎనిమిది వస్తే జయ. పందొమ్మిది వందల యాభై నాలుగుకి సరిగ్గా అదే వచ్చింది. మాఘం అంటే ఫిబ్రవరి, శ్రావణం అంటే ఆగస్టు. అంటే యాభై నాలుగు ఫిబ్రవరిలో పోయిన మనిషికి అరవై నిండాలంటే ఇంకా ఆగస్టు దాకా ఆగాలి. అరవయ్యో ఏట, అరవై నిండకుండా! ఆ లెక్క తేలిన రోజు త్రిమూర్తులికి అన్నం సయించలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని ఇంకో భయం.

తను పుట్టింది చిత్రభాను మాఘంలో. అదే లెక్కలో చిత్రభాను పందొమ్మిది వందల నలభై రెండు. కాబట్టి ఈ రెండువేల రెండు మాఘానికి అరవై నిండుతాయి. జనవరిలో కొట్లో తగిలించిన కొత్త క్యాలెండరు మీద కూడా ‘శ్రీ చిత్రభాను నామ సంవత్సరం’ అని ఎర్రటి అక్షరాలతో ఉంది. దాన్ని చూసి త్రిమూర్తులు ఏడాదిలో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పుట్టిన ఏడు తిరిగొచ్చింది. మాఘం ఒక్కటీ గట్టెక్కితే షష్టిపూర్తి చేసుకుని, పెళ్లికొడుకులా పంటు ఎక్కి మనవరాలి దగ్గరికి వెళ్లొచ్చు.

ఆ పుష్యమాసం చివర్లోనే ముహూర్తం పెట్టించుకుందామని పురోహితుడు నారాయణమూర్తిగారి ఇంటికి బయల్దేరాడు. దారిలో రెండుసార్లు సైకిలు ఆపి చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

నారాయణమూర్తిగారు అరుగు మీద పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు. విషయం విని సంతోషించారు. పుట్టిన సంవత్సరం అడిగారు, మాసం అడిగారు, నక్షత్రం అడిగారు. తర్వాత పంచాంగం తిప్పబోయి ఆగిపోయారు.

“త్రిమూర్తులుగారూ, చిత్రభాను మాఘమన్నారు గదండీ?”

“ఆయ్. చిత్రభానేనండి. మా అక్క ఎప్పుడూ అదే చెప్తాది.”

“అయితే ఇప్పుడు కాదండి. వచ్చే ఏడాది.”

త్రిమూర్తులికి అర్థం కాలేదు. క్యాలెండరు సంగతి చెప్పాడు. ఆరు తీసేసి అరవైతో భాగించే లెక్క కూడా గడగడా అప్పజెప్పాడు. నారాయణమూర్తిగారు అడ్డురాకుండా చివరిదాకా విన్నారు.

“లెక్క సరైందేనండి. కాకపోతే అది చెప్పేది ఆ ఏడాది ఉగాదికి మొదలయ్యే పేరు. జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న రోజులు కిందటి పేరులోవి. మనకి మాఘం పదకొండో నెల గదా. ఈ ఉగాది ఏప్రిల్ పదమూడున. అప్పటిదాకా మనం వృషలోనే ఉన్నాం. పొద్దున్న సంకల్పంలో వృష నామ సంవత్సరే అనే చెప్పేను. చిత్రభాను ఇంకా రాలేదు. క్యాలెండరు వాళ్లదేముంది, ఏడాదిలో ఎక్కువ భాగం ఏ పేరుంటే అది పెద్దచ్చరాలతో వేసేస్తారు. కిందకి చూడండి, సన్నగా వృష అని ఉంటాది.”

“మరి నేను పుట్టింది?”

“నలభై మూడు ఫిబ్రవరి. చిత్రభాను మాఘం మళ్లీ వచ్చేది రెండువేల మూడులో. ఈ మాఘానికి మీకు యాభై తొమ్మిది నిండుతాయి. అరవయ్యో ఏడు అప్పుడు మొదలవుద్ది. మంచిదే గదండీ, ఒక ఏడాది చిన్నవాళ్లయ్యేరు.”

నారాయణమూర్తిగారు నవ్వారు. త్రిమూర్తులు దండం కూడా పెట్టకుండా సైకిలెక్కాడు. ఏడాదంతా కొట్టూ ఇల్లూ తప్ప ఎక్కడికీ కదలకుండా, రాత్రి గుండె కాస్త దడదడలాడితే లేచి కూర్చుంటూ గడిపింది ఉత్త యాభై తొమ్మిదో ఏడా! దాటేశాననుకున్నది అసలు రానే లేదా? ఇక ముందుందా?

ఇంటికి పోబుద్ధి కాలేదు. సైకిలు కొట్లో పడేసి, అక్క ఉండే రాజోలుకి బస్సెక్కాడు. ఒక్కటే ఆశ. అక్కే పొరబడి ఉండాలి. తను వృషలోనే పుట్టి ఉండాలి. అప్పుడు ఈ మాఘంతోనే తీరిపోతుంది. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరు మీద విసుక్కున్నాడు. పక్కనున్న ముసలాయన ఏ ఊరని పలకరిస్తే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

అక్క అచ్చాయమ్మ వీధి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. డెబ్బై దాటినా చూపు ఏమాత్రం తగ్గలేదు. తమ్ముడి మొహం చూసి చేతిలో పని ఆపింది.

“ఏంరా, అలా ఉన్నావేంటి? ఇంట్లో అందరూ బానే ఉన్నారా?”

“అక్కా, నేను పుట్టింది వృషలోనా, చిత్రభానులోనా?”

“ఇదడగడానికా పరిగెత్తుకొచ్చేవ్? చిత్రభాను. నా పెళ్లి వృష వైశాఖంలో అయింది. ఆ తర్వాతేడాది మాఘంలో నువ్వు పుట్టేవు. అమ్మ పురుడికి నన్ను అత్తారింటినుంచి పంపేరు. నీకు నీళ్లు కాచింది నేనే.”

ఆ ఆశా పోయింది. త్రిమూర్తులు మెట్టు మీదే కూలబడ్డాడు. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పనిది ఇక కడుపులో ఆగలేదు. నాన్న అరవై నిండకుండా పోయాడనీ, తనకీ అంతే రాసిపెట్టి ఉందనీ, అందుకే గోదారి దాటలేదనీ, ఇప్పుడు ఇంకో ఏడాది ఇలా బతకడం తన వల్ల కాదనీ చెప్పేశాడు.

అచ్చాయమ్మ చింతపండు పక్కకి నెట్టింది.

“నాన్నకి అరవై నిండలేదని నీకెవరు చెప్పేర్రా?”

“ఎవరో చెప్పేదేంటి? జయ శ్రావణంలో పుట్టేడు, జయ మాఘంలో పోయేడు. లెక్క కట్టేను.”

“జయలో ముందు శ్రావణం వస్తాదా, మాఘం వస్తాదా?”

పొద్దున్నే నారాయణమూర్తిగారు అంత వివరంగా చెప్పింది త్రిమూర్తులు తన పుట్టుకకి అన్వయించుకున్నాడు గానీ, నాన్న చావుకి అన్వయించలేదు. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం... వేళ్లు ముడిచాడు. శ్రావణం అయిదోది, మాఘం పదకొండోది. తిరిగొచ్చిన జయలో నాన్న పుట్టిన శ్రావణం ముందే వచ్చి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన మాఘం యాభై నాలుగు ఫిబ్రవరి కాదు, యాభై అయిదుది. నాన్నకి అరవై నిండి అప్పటికి ఆర్నెల్లయింది.

“దాటేడా అక్కా?”

“దాటేడ్రా. ఆ శ్రావణంలో షష్టిపూర్తి చేద్దామని అమ్మ నన్ను పిలిపించింది గూడాను. కొత్త చీరా అదీ తెచ్చుకుంది.”

“మరి నాకు గుర్తు లేదేం? నేనప్పుడు పెద్దవాణ్ణే గదా.”

“ఎలా గుర్తుంటాది? ఆ నెలంతా టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నావు. డాక్టరు ఆశ లేదన్నాడు. పంతులుగారొచ్చి ముహూర్తం దాటిపోతుందంటే, ‘మా వోడు లేచి తిరిగేదాకా నాకే పండగా వద్దండీ’ అన్నాడు నాన్న. పందిరికని తెచ్చిన రాటలు అలాగే పడున్నాయి. ఆ రోజు పొద్దున్నుంచీ రాత్రి దాకా నీ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాడు. నువ్వు లేచేక అంతర్వేది తీసుకెళ్లి మొక్కు తీర్చేడు. ఇక తనది చేసుకుందామనుకునే లోపు...”

ఆ జ్వరం త్రిమూర్తులికి గుర్తుంది. నాన్న పోయింది యాభై నాలుగులో అనుకున్నాడు గనక, ఆ జ్వరం యాభై మూడు శ్రావణంలో వచ్చిందని ఇన్నాళ్లూ లెక్కేసుకున్నాడు. తడిగుడ్డ చల్లదనమూ, దాన్ని పిండే కాయలు కాచిన చేతులూ గుర్తున్నాయి. అది నాన్న షష్టిపూర్తి రోజని మాత్రం తెలియదు. భయం ఎప్పుడు వదిలిందో వదిలింది. దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. తనకోసం పీటల మీద కూర్చోవడం మానుకున్న మనిషిని ఇన్నేళ్లూ గండమని తలుచుకున్నాడు. తద్దినం పెడుతూ కూడా తన చావు గురించే ఆలోచించాడు.

“రేపు నరసాపురం వెళ్తానక్కా,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “విజయదుర్గకీ చెప్తాను అంతా.”

“వెళ్లు. మనవరాలిని చూడవని విజయదుర్గ నా దగ్గర ఎన్నిసార్లు ఏడ్చిందో.”

అతను లేవలేదు. అచ్చాయమ్మ మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది. త్రిమూర్తులు తనూ ఓ గుప్పెడు తీసుకుని గింజలు తీస్తూ అడిగాడు.

“ఆ రోజు నాన్న ఏమన్నా తిన్నాడా అక్కా?”

“తిన్నాడు. నువ్వు తాగగా మిగిలిన జావ.”