అన్నీ పన్నెండో పాఠమే

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి ఎడిటరమ్మ ఒకటో పాఠం వీడియో తెరిచి చూసింది. తెర మీద పెద్దక్షరాలతో "పన్నెండో పాఠం" అని ఉంది. రెండోది తెరిచింది. అదీ పన్నెండే. ఐదోదీ అంతే.

పాఠాలు ఆమె మేనమామవి. నలభై ఏళ్లు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. చేతులకి వణుకు మొదలైన నెలలోనే, తన విద్య నలుగురికీ అందాలని కెమెరా ముందు కూర్చున్నాడు. ఇప్పుడాయన చేతిలో స్క్రూడ్రైవరు నిలవదు. మళ్లీ తీయడమన్నది కల్ల. శిక్షణ సంస్థ డైరెక్టరమ్మ అవి చూసి, "బంగారంలాంటి పాఠాలు. కానీ ఒక్కోటి ఒక్కో తీరుగా మొదలవుతోంది. పన్నెండూ ఒక తల్లి పిల్లల్లా కనిపించాలి. ఈ ఏడాది పాఠాల జాబితా శుక్రవారం ఐదింటికి మూసేస్తాం" అంది.

అందుకే ఎడిటరమ్మ ఒక మూస తయారుచేసింది. మొదట్లో ఐదు సెకన్లు: సంస్థ గుర్తు, చిన్న సంగీతం, పాఠం అంకె. చివర ఇరవై సెకన్లు: తర్వాతి పాఠం బొమ్మ పెట్టుకోవడానికి ఖాళీ చోటు. రెంటినీ చెరో ముక్కగా కట్టి పన్నెండింటికీ అతికించింది. ఒక్కో పాఠంలోకి వెళ్లి అంకె మార్చింది. మార్చినప్పుడల్లా సరిగ్గానే కనిపించింది మరి!

ఇన్నాళ్లూ పెళ్లి వీడియోలు చేసిన ఆమెకి, అతికించినవి పన్నెండు కాపీలు కావని, ఒకే ముక్కకి పన్నెండు నీడలని ఇప్పుడు తెలిసొచ్చింది. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారింది. చివరి అంకే అన్నిటికీ మిగిలింది.

"ఏమైందే అమ్మలూ?" అన్నాడు పక్కగదిలోంచి మేనమామ.

"కొంప మునిగింది మావయ్యా."

అంకెని ముక్కలోంచి పీకేసి, మారని గుర్తూ సంగీతమూ మాత్రం లోపల ఉంచింది. అంకెని ప్రతి పాఠంలో పైపొరగా విడిగా రాసింది. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టింది. ముగించేసరికి నాలుగు కావస్తోంది. ఒక్కో పాఠం ఫైలుగా తయారవడానికి పది నిమిషాలు. ఆ లెక్క దేవుడు కూడా మార్చలేడు.

ఐదింటికి ఆరు పాఠాలు వెళ్లాయి. ఆమె డైరెక్టరమ్మకి ఫోన్ చేసి, ఇంకో గంట గడువిమ్మని బతిమాలింది.

"ఆరూ చూశానమ్మా, ముచ్చటగా ఉన్నాయి. ఆ ఆరింటినీ తీసుకుంటాం" అంది డైరెక్టరమ్మ. "మిగతావి వచ్చే ఏడాదే. నా చేతుల్లో లేదు."

ఫోన్ పెట్టేసి ఎడిటరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "అసలైన కిటుకులన్నీ వెనక ఆరింట్లోనే ఉన్నాయి మావయ్యా. నా చేత్తో నేనే ఆపేశాను."

ముసలాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వణికే చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏడోది తయారైందా?" అన్నాడు.

"ఇప్పుడే."

"పెట్టు. ఒకసారి చూడాలనుంది."