రెండు గాజులు, రెండు మరలు
అమ్మా,

ఈ ఉత్తరం చదివేలోగా పెట్టె తెరిచేసి ఉంటావు. నీ ఓపిక నాకు తెలియనిది కాదు. తెరవకపోతే మాత్రం ముందు ఇది చదువు.

మీ పెళ్ళయి యాభై ఏళ్ళయింది కాబట్టి ఈసారి బంగారమే కొనాలని పట్టుబట్టాను. నువ్వు యథాప్రకారం "నాకెందుకురా, వేళ్ళు వాచి, ఉన్న గాజులే ఎక్కడం లేదు" అన్నావు. ఆ మాట సగమే విన్నాను. నీ గాజులు బీరువాలోకి వెళ్ళాయని, ఇల్లు నిశ్శబ్దమైపోయిందని అప్పుడు నా బుర్రకెక్కలేదు.

ఆ గాజుల చప్పుడే నా చిన్నతనమంతా. పాఠం పుస్తకం మధ్యలో బొమ్మల కథ పెట్టి చదువుతుంటే, వరండాలో గలగల వినపడగానే పేజీ తిప్పేవాణ్ణి. నన్ను పట్టుకోలేకపోతున్నావని నువ్వు ఆశ్చర్యపోయేదానివి. జ్వరమొస్తే నుదుటి మీద ముందు చల్లటి బంగారం తగిలేది, తర్వాత నీ వెచ్చని అరచెయ్యి. నాకు కావలసింది ఆ చప్పుడే. నువ్వు తొడుక్కోకపోతే ఎంత బంగారమైనా బీరువాకే కానుక.

ఇక్కడ మా లిఫ్టుల వర్క్‌షాపు పక్క వీధిలో ఒక కంసాలి ఉన్నాడు. ఇరుకు గది, కిటికీ దగ్గర బల్ల, రాలిన బంగారు రజను ఒక్క రవ్వ కూడా పోకుండా ఒళ్ళోకి కట్టిన తోలు. ముందు రెండు జతలు చూపించాడు. లోపల లక్క నింపిన జత చూడ్డానికి బొద్దుగా ఉంది కానీ, ఒకదానితో ఒకటి తట్టిస్తే చెక్క మీద చెక్క తగిలినట్టుంది. గట్టి బంగారం జత మోగింది. కళ్ళు మూసుకుని రెండోసారి తట్టించాను. "కొనేవాళ్ళు కళ్ళు తెరిచి చూస్తారండీ" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ, అలాంటివే చెయ్యమన్నాను.

కొలత కోసం నాన్నకు చెప్పాను. అమ్మ బొటనవేలు లోపలికి మడిచాక, కణుపుల మీదుగా దారం చుట్టి కొలవమన్నాను. గాజు దాటాల్సింది అక్కడే కదా. నాన్న మర్నాడే కొలత పంపారు. గాజులు తయారయ్యాయి, లోపల హాల్‌మార్కు ముద్ర కూడా పడింది. ఆ ఆదివారం వీడియో కాల్‌లో నువ్వు బఠాణీలు ఒలుస్తుంటే నీ కణుపులు చూశాను. ఈ గాజు ఆ చేతికి చచ్చినా ఎక్కదు. నువ్వు లేచి వెళ్ళాక నాన్నను నిలదీశాను.

"నాన్నా, నిజం చెప్పండి. దారం చుట్టారా?"

"బీరువాలో పాత గాజుంది కదరా, స్కేలు పెట్టి కొలిచాను."

"అది ఎక్కకే కదా బీరువాలో ఉంది!"

"మరేం చెయ్యమంటావు? ఉన్నట్టుండి చెయ్యి పట్టుకుంటే, ఏమొచ్చింది మీకు అని అడగదూ?"

ఒళ్ళు మండిపోయింది. యాభై ఏళ్ళ కాపురం చేసి చెయ్యి పట్టుకోవడానికి మొహమాటం!

గాజులు పట్టుకుని కంసాలి దగ్గరికి పరుగెత్తాను. సాగదీస్తే పలచబడి సొట్టలు పడతాయన్నాడు. ముక్క వేసి అతికితే కణుపులు దాటుతాయి గానీ, మణికట్టు దగ్గర మరీ వదులై పని చేసేటప్పుడు జారిపోతాయట. మణికట్టు కూడా వాచిందా అని అడిగాడు. లేదు, అది ఎప్పటిలాగే సన్నం. "అయితే పాత కొలతే సరైనది. చేతి మీదుగా ఎక్కించకుండా, మణికట్టు దగ్గరే తెరిచి మూద్దాం" అన్నాడు.

ముద్ర చెరగకుండా, దానికి కాస్త పక్కగా, సన్నటి రంపంతో ఒక్కో గాజును రెండుగా కోశాడు. ఒక వైపు మడత బందు, ఇంకో వైపు మర. గాజుల బంగారం మెత్తన కాబట్టి మరను రాగి కాస్త ఎక్కువ కలిపిన బంగారంతో చేశాడు, లేకపోతే దాని చుట్లు త్వరగా అరిగిపోతాయి. ఆ సంగతి నాకూ తెలుసు, రోజంతా మరలతో కుస్తీ పట్టేవాణ్ణే కదా. అయినా తట్టిచూసే సరికి చప్పుడు బొంగురుపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. రెండు మరలనూ ఇంకో అర చుట్టు బిగించి మళ్ళీ తట్టాను. మోగింది, అమ్మా! అచ్చం వరండాలో నువ్వొస్తున్నట్టే. ఆ ఇరుకు గదిలో నా కళ్ళు చెమర్చాయి.

ఇక ఒకటే చిక్కు. రెండూ ఒకే చేతికి వేసుకుంటేనే మోగుతాయి. మర మాత్రం రెండో చేత్తో నీ అంతట నువ్వు బిగించుకోలేవు. నేను వేసుకుని చూశాను, నా వల్లే కాలేదు. ఎవరో ఒకరు మణికట్టు కింద ఒక చెయ్యి ఆనించి, నిదానంగా తిప్పాలి. వదులుగా వదిలేస్తే మోగవు. నాన్నకు కళ్ళజోడు పెట్టుకోమని చెప్పు. ఈసారి స్కేలు పనికిరాదు.

ఆయన బిగించాక నాకు ఫోన్ చెయ్యి. ముందేమీ మాట్లాడకు. చెయ్యి కదుపు చాలు.

నీ కొడుకు